సమీక్షకులకు రాసిన జవాబులో మేము ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లోని 38 వ్యవసాయ బోర్ల నీటిని ఒకే ఏడాది మే నెలలో ఒకసారి, నవంబరులో మరొకసారి పట్టి, ఫ్లోరైడ్‌తోపాటు మిగతా ప్రధాన లవణాలను కొలిచి, మా గైడు గారితో కలిసి ఒక పరిశోధన పత్రం రాశాను. పత్రికకు పంపిన నాలుగు నెలలకు, పెద్ద సవరణలు చేసి మళ్ళీ పంపమన్న సంపాదకుల ఈమెయిలు వచ్చింది. దాని కింద ఇద్దరు సమీక్షకులు రాసిన 17 వ్యాఖ్యలున్నాయి. జవాబుకు 60 రోజులు గడువు ఇచ్చారు.

ఆ వ్యాఖ్యలు చూసిన మా సీనియర్ అధ్యాపకులు ఒకరు, "అన్నిటికీ సరే అనండి మేడమ్, పని త్వరగా అయిపోతుంది" అన్నారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. మన కళాశాలల్లో చాలామంది పాటించే పద్ధతి కూడా అదే. అయితే ఆ 60 రోజులు ఆ జవాబు మీద కూర్చున్న తరువాత, అది సరైన పద్ధతి కాదన్న నిర్ణయానికి వచ్చాను. తప్పని తెలిసిన సవరణను ఒప్పుకుంటే ఆ తప్పు పత్రంలోకి మా పేరు మీదే వెళుతుంది. ఇక ఒక సూచనను కాదన్నప్పుడు, ఆ సూచన వెనకున్న అనుమానానికి పత్రంలో ఎక్కడో ఒక చోట సమాధానం చేర్చకపోతే కాదనే హక్కు మనకు పూర్తిగా రాదు. ఈ రెండు మాటలు మా జవాబులో ఎలా నడిచాయో వివరంగా చెప్పదలిచాను. జవాబు ఇంగ్లీషులో రాశాము, ఇక్కడ దాని సారాన్ని తెలుగులో ఇస్తున్నాను.

ముందు ఆ ఉత్తరం ఆకారం గురించి కొంత చెప్పాలి. దానిని మొదట చదివేది సంపాదకులు. సమీక్షకులు ఏమి అడిగారో ఆయనకు గుర్తుండదు, ఆయన బల్ల మీద ఇలాంటి పత్రాలు ఎన్నో ఉంటాయి. అందుకని ప్రతి వ్యాఖ్యను సమీక్షకులు రాసిన మాటల్లోనే, ఒక్క అక్షరం కుదించకుండా పెట్టి, దాని కింద మా జవాబును, ఆ కింద పత్రంలో మారిన వాక్యాన్ని యథాతథంగా, పేజీ సంఖ్య, వరుస సంఖ్యతో సహా ఇచ్చాము. "సవరించాము" అన్న ఒక్క మాటతో వదిలేస్తే చదివేవారు ఆ మార్పు కోసం పత్రమంతా వెతుక్కోవాలి. వరుస సంఖ్యల దగ్గర మేము ఒకసారి పొరపడ్డాము. మార్పులు రంగుల్లో కనిపించే ప్రతిలో కొట్టివేసిన వాక్యాలు కూడా వరుసలుగా లెక్కకు వస్తాయి కనుక, శుభ్రమైన ప్రతిలో 112వ వరుసలో ఉన్న వాక్యం అందులో 131వ వరుసకు జరిగిపోయింది. మొదటి చిత్తులో సగం సంఖ్యలు ఒక ప్రతివి, సగం రెండో ప్రతివి పడ్డాయి. చివరికి వరుస సంఖ్యలన్నీ శుభ్రమైన ప్రతివేనని ఉత్తరం పైనే రాసి, పని మొత్తం ముగిసిన తరువాత ఒకే పూట కూర్చుని అన్నింటినీ మళ్ళీ నింపాను.

కృతజ్ఞతలు మొదట్లో మూడు వాక్యాల్లో చెప్పాము. ప్రతి వ్యాఖ్య కిందా "అమూల్యమైన సూచనకు ధన్యవాదాలు" అని 17 సార్లు రాస్తే, నిజంగా మేలు చేసిన సూచనకూ పదం సరిచేసిన సూచనకూ మధ్య తేడా కనిపించకుండా పోతుంది. అందుకు బదులు, ఏ సూచన మా పత్రాన్ని ఎలా మార్చిందో ఆ మూడు వాక్యాల్లోనే పేరు పెట్టి చెప్పాము. ఒకటి నీటి నమూనాల్లో విద్యుదావేశాల సమతుల్యత గురించి, రెండోది జత పరీక్ష గురించి.

జత పరీక్ష సంగతి సులువైనది కనుక ముందు దానిని ముగిస్తాను. మే నెల కొలతలనూ నవంబరు కొలతలనూ రెండు వేరువేరు గుంపులుగా తీసుకుని మేము సగటులను పోల్చాము. కానీ అవి వేరువేరు గుంపులు కావు, అవే 38 బోర్లు. ఒక బోరులో లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, పక్క గ్రామంలోని బోరులో 5 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు, బోరుకూ బోరుకూ ఉన్న ఆ పెద్ద తేడాలో ఒకే బోరులో వచ్చిన చిన్న మార్పు మునిగిపోతుంది. ఒక్కొక్క బోరు నవంబరు కొలత నుంచి దాని మే కొలతను తీసివేసి, ఆ తేడాలనే పరీక్షించాలని మొదటి సమీక్షకులు రాశారు. అది నూటికి నూరుపాళ్ళు న్యాయం. తేడాలు గంట ఆకారంలో పంపిణీ కాలేదు కనుక విల్కాక్సన్ జత పరీక్ష వాడాము. 38 బోర్లలో 26 చోట్ల ఫ్లోరైడ్ పెరిగింది, 12 చోట్ల తగ్గింది. జవాబులో "మా పద్ధతి తప్పు, సమీక్షకులు చెప్పినది సరైనది" అని ఒక్క వాక్యంలో ఒప్పుకుని, కొత్త పట్టికను చూపించాము. పాత పద్ధతి ఎందుకు వాడామో సంజాయిషీ రాయలేదు, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఆవేశాల సమతుల్యత దగ్గర మాత్రం పని లోతుగా సాగింది. నీటిలోని అయాన్ల మీద ఉండే ధనావేశాల మొత్తమూ రుణావేశాల మొత్తమూ సమానంగా ఉండాలి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియంలను ఒక వైపు, బైకార్బొనేటు, క్లోరైడ్, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడ్‌లను మరో వైపు, బరువును కాక మోసే ఆవేశాన్ని లెక్కించే మిల్లీ ఈక్వివలెంట్లలోకి మార్చి కూడితే రెండు మొత్తాలూ దగ్గరగా రావాలి. తేడాను ఇలా లెక్కిస్తారు.

```
CBE (%) = (Σcations − Σanions) / (Σcations + Σanions) × 100
```

ఇది 5 శాతం లోపల ఉంటే కొలతలను నమ్మవచ్చునని సాధారణంగా అంటారు. మేము ఈ లెక్క వేయనే లేదు. మొదటి సమీక్షకులు అడిగిన తరువాత 76 నమూనాలకూ వేస్తే, మూడు బోర్ల నవంబరు నమూనాల్లో తేడా హద్దు దాటింది. వాటిలో ఒక దానిలో ధనావేశాల మొత్తం లీటరుకు 12.4 మిల్లీ ఈక్వివలెంట్లు, రుణావేశాల మొత్తం 9.8. తేడా 2.6ను మొత్తం 22.2తో భాగిస్తే 11.7 శాతం వస్తుంది.

కారణం వెతికితే నా నోటు పుస్తకంలోనే దొరికింది. పొలం దగ్గర ప్రతి బోరు నుంచి రెండు సీసాలు నింపేవాళ్ళము. లోహాల కోసం పెట్టిన సీసాలో అక్కడే కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం వేస్తాము, కనుక కాల్షియం కరిగే ఉంటుంది. బైకార్బొనేటు కోసం పెట్టిన సీసాలో ఆమ్లం వేయకూడదు. ఆ మూడు సీసాలను దీపావళి సెలవుల వల్ల ఆరు రోజుల తరువాత కానీ పరీక్షించలేదు. ఆమ్లం లేని సీసాలో ఆలోపు కొంత కాల్షియం కార్బొనేటు గోడలకు పట్టి, దానితోపాటు బైకార్బొనేటు తగ్గిపోయింది. కాల్షియం మాత్రం మరో సీసా నుంచి కొలిచాము కనుక తగ్గలేదు. అందుకే మూడింటిలోనూ ధనావేశాల వైపే తూకం మొగ్గింది. ఎటు మొగ్గిందన్నది చూడకుండా శాతం ఒక్కటే చూసి ఉంటే ఈ కారణం మాకు తట్టేది కాదు.

సమీక్షకులు ఇక్కడ మరో అడుగు ముందుకు వేసి, హద్దు దాటిన బోర్లను పత్రం మొత్తం నుంచి తీసివేయాలని అడిగారు. దీనిని సగం ఒప్పుకున్నాము, సగం ఒప్పుకోలేదు. ఈ ఒక్క జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మా పత్రంలో రెండు భాగాలున్నాయి. ఫ్లోరైడ్ మే నుంచి నవంబరుకు ఎంత మారిందన్నది ఒకటి. బైకార్బొనేటు ఎక్కువగానూ కాల్షియం తక్కువగానూ ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదా అన్నది రెండోది. బైకార్బొనేటు కొలతే చెడిపోయినప్పుడు ఆ మూడు బోర్లకు రెండో భాగంలో చోటు లేదు, వాటిని తీసివేశాము. మొదటి భాగంలో వాడినది ఫ్లోరైడ్ కొలత ఒక్కటే. దానిని ఎలక్ట్రోడుతో విడిగా, పట్టి తెచ్చిన మరుసటి రోజే కొలిచాము. పైగా ఆవేశాల లెక్క ఫ్లోరైడ్ గురించి ఏమీ చెప్పలేదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే, దాని పరమాణు భారం 19తో భాగిస్తే, సుమారు 0.16 మిల్లీ ఈక్వివలెంట్లు మాత్రమే. 22.2 మొత్తంలో అది ఒక శాతం కూడా కాదు. ఫ్లోరైడ్ కొలత రెట్టింపు తప్పినా ఆ లెక్కలో తెలియదు, అలాగే ఆ లెక్క తప్పినంత మాత్రాన ఫ్లోరైడ్ కొలత తప్పినట్టూ కాదు.

ఈ అంకెలను జవాబులో అలాగే పెట్టాము. పెట్టి ఊరుకోలేదు. సమీక్షకుల మాట ప్రకారం ఆ మూడింటినీ తీసివేస్తే ఏమవుతుందో కూడా లెక్కించి చూపించాము. మిగిలిన 35 బోర్లలో 24 చోట్ల పెరిగింది, 11 చోట్ల తగ్గింది, నిర్ణయం మారలేదు. ఆ వాక్యాన్ని ఉత్తరంలోనే కాకుండా పత్రంలోనూ చేర్చాము. ఎందుకంటే రేపు పత్రాన్ని చదివేవారికీ అదే అనుమానం వస్తుంది, మా ఉత్తరం వారి చేతికి అందదు. నా దృష్టిలో ఒక సూచనను కాదనడంలో అసలు మర్యాద ఇదే. మృదువైన మాటలు ఎన్ని వాడినా ఎదుటివారి అనుమానాన్ని లెక్క కట్టి చూపించకపోతే వారిని గౌరవించినట్టు కాదు.

రెండో సమీక్షకుల వ్యాఖ్యల్లో అన్నిటికన్నా కష్టమైనది, మరో రెండేళ్ళు నమూనాలు పట్టి ఆ కొలతలు చేర్చమన్నది. నా మొదటి చిత్తులో "ప్రాజెక్టు గడువు ముగిసింది, నిధులు లేవు" అని రాశాను. గైడు గారు ఆ వాక్యం కింద గీత గీసి, "అమ్మా, ఇది మన కష్టం. దీనికీ శాస్త్రానికీ ఏమిటి సంబంధం?" అని అడిగారు. ఆ ప్రశ్నతో రెండు రోజులు సతమతమయ్యాను. సమీక్షకుల అనుమానం నిజమైనదే. ఒక ఏడాది వానలు బాగా కురిస్తే భూగర్భ జలం పలచబడి ఫ్లోరైడ్ తగ్గవచ్చు, మరో ఏడాది ఇంకేదో జరగవచ్చు. ఒకే ఏడాది చూసి "వానాకాలం తరువాత ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ పెరుగుతుంది" అని మా సారాంశంలో రాసిన వాక్యానికి మా దగ్గర ఆధారం లేదు. కాబట్టి తగ్గవలసింది మా వాక్యమే.

అలాగే చేశాము. శీర్షికలోని "రుతువులను బట్టి" అన్న మాట తీసివేసి ఏ ఏడాది కొలతలో ఆ ఏడాది పేరు పెట్టాము. సారాంశంలోని వాక్యాన్ని "ఆ ఏడాది మే, నవంబరు కొలతలను పోలిస్తే 38 బోర్లలో 26 చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది" అని మార్చాము. ముగింపులో ఒకే వానాకాలాన్ని చూసిన పరిమితిని ప్రత్యేక పేరాగా రాశాము. సమీక్షకులకు ఇచ్చిన జవాబు దాదాపు ఇది: "ఒక ఏడాది కొలతల నుంచి సాధారణ సూత్రం చెప్పలేమన్న మీ అభ్యంతరంతో మేము ఏకీభవిస్తున్నాము. అదనపు నమూనాలను ఈ పత్రంలో చేర్చలేము. అందువల్ల బహుళ సంవత్సరాల కొలతలు అవసరమయ్యే వాక్యాలన్నింటినీ తొలగించాము. అవి ఇవి." దాని కింద తొలగించిన నాలుగు వాక్యాలనూ పాత రూపం, కొత్త రూపం పక్కపక్కన పెట్టి చూపించాము. నిధుల మాట ఎక్కడా రాలేదు.

అదే సమీక్షకులు ఫ్లోరైడ్‌ను అయాన్ క్రొమటోగ్రఫీతో మళ్ళీ కొలవమన్నారు. ఆ యంత్రం మా కళాశాలలో లేదు, కానీ అది కూడా మా కష్టమే. అసలు అనుమానం ఏమిటని ఆలోచిస్తే, నీటిలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచితే ఎలక్ట్రోడుకు అది కనిపించదన్నది. దానికోసమే ప్రతి నమూనాలోనూ టిసాబ్ ద్రావణం కలుపుతాము. అది పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలుపుతుంది, అందులోని సీడీటీఏ ఆ లోహాలను తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. రోజూ చేసే పని కనుక పత్రంలో ఈ మాట రాయడమే మరచిపోయాము. చదివేవారికి అనుమానం రావడం సహజం. ద్రావణం వివరాలు చేర్చి, అవే బోర్లలో ఎనిమిదింటి నుంచి కొత్తగా నీళ్ళు తెచ్చి, తెలిసిన మోతాదులో ఫ్లోరైడ్ కలిపి మళ్ళీ కొలిచాము. లీటరుకు 1 మిల్లీగ్రాము కలిపితే 0.94 నుంచి 1.03 వరకు తిరిగి కనిపించింది. ఈ కొత్త నమూనాలు పద్ధతిని పరీక్షించడానికే తప్ప ఫలితాల్లో కలపలేదని స్పష్టంగా రాశాము, ఎందుకంటే అవి వేరే నెలలో పట్టినవి. యంత్రం మార్చమన్న సూచనను ఈ ఆధారంతో వినయంగా కాదన్నాము.

నాకు కోపం తెప్పించిన వ్యాఖ్య ఒకటుంది. "లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని ప్రజలు తాగుతుండగా రచయితలు ఆరోగ్యం గురించి ఒక్క మాట రాయలేదు" అని. మన తాగునీటి ప్రమాణంలో కోరదగిన హద్దు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. ఈ జిల్లాలో పుట్టి, వంగిన కాళ్ళతో, తిరగని మెడలతో ఉన్న పెద్దలను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఆ వ్యాఖ్య చదివిన రాత్రి రాసిన జవాబులో ఆ బాధంతా ఉంది. మరునాడు మా పత్రాన్ని అపరిచితురాలిలా మళ్ళీ చదివాను. అవి సాగునీటి బోర్లని, ఊళ్ళలో తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్నాయని మేము ఎక్కడా రాయలేదు. మాకు తెలిసిన సంగతి కనుక అందరికీ తెలుసనుకున్నాము. ఎక్కడో దూరాన కూర్చున్న సమీక్షకులు బోరు అంటే తాగునీరే అనుకోవడంలో తప్పేమీ లేదు. "సమీక్షకులు సరిగా చదవలేదు" అన్న మాట కొట్టివేసి, "మా వివరణలో ఈ విషయం లోపించింది" అని రాసి, రెండు వాక్యాలు చేర్చాము. పొలం పనికి వెళ్ళినవారు దాహమైనప్పుడు ఇప్పటికీ బోరు నీళ్ళు తాగడం నమూనాలు పట్టేటప్పుడు మేము కళ్ళారా చూశాము కనుక, అది కూడా అందులో రాశాము. ఆ వ్యాఖ్య లేకపోతే ఆ మాట పత్రంలోకి వచ్చేది కాదు.

ఇద్దరి సూచనలు ఒకదానికొకటి ఎదురుపడిన చోటు కూడా ఉంది. మొదటివారు ఉపోద్ఘాతంలోని చరిత్రను కుదించమన్నారు, రెండోవారు పెంచమన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి 1937లో వచ్చిన నివేదికనూ, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ రాసిన వ్యాసాన్నీ ఉంచి, మిగతా పేరాను సగానికి తగ్గించాము. ఈ నిర్ణయాన్ని ఇద్దరి వ్యాఖ్యల కిందా ఒకే మాటల్లో రాసి, ఎదుటి సమీక్షకుల సూచన వేరుగా ఉందని ఇద్దరికీ తెలియజేశాము. ఇక రెండోవారు తప్పక ఉదహరించమన్న ఐదు పత్రాల్లో రెండు మా విషయానికి నేరుగా సంబంధించినవి, వాటిని చేర్చాము. మిగతా మూడు నీటిలోని ఇతర లోహాల గురించినవి. అవి ఎందుకు సరిపోవో ఒక్కొక్క దానికి ఒక్కొక్క వాక్యం రాశాము, ఎవరు రాసిన పత్రాలన్న ప్రస్తావన తేలేదు.

పంపే ముందు చివరి పనిగా, 38 అన్న అంకె ఉన్న ప్రతి చోటా వెతికాను. ఇప్పుడు పత్రంలో రెండు సంఖ్యలు నడుస్తున్నాయి, ఫ్లోరైడ్ పోలికలో 38, లవణాల విశ్లేషణలో 35. సారాంశం, పద్ధతులు, బొమ్మల కింది వివరణలు, ముగింపు, అన్నీ సరిచూశాననే అనుకున్నాను.

ఆరు వారాలకు రెండో విడత జవాబు వచ్చింది. మొదటి సమీక్షకులు మూడు బోర్లను ఫ్లోరైడ్ పోలికలో ఉంచడానికి మేమిచ్చిన లెక్కను అంగీకరిస్తున్నామని రాశారు. రెండోవారు ఒకే ఒక్క సంగతి అడిగారు. లవణాల పట్టిక, అంటే నాలుగో పట్టిక, శీర్షికలో ఇంకా 38 అని ఉంది, లోపల వరుసలు 35 ఉన్నాయి, ఏది నిజమని. శీర్షికను 35గా మార్చి, తొలగించిన మూడు బోర్ల సంఖ్యలనూ కారణాన్నీ పట్టిక కింద చేర్చి, పేజీ, వరుస సంఖ్యలు రాసి, ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటూ ఆ సాయంత్రమే జవాబు పంపాను.